రాలేమని చెప్పే మర్యాద: ఉత్తరాంధ్రలో దూరపు చుట్టాల పెళ్ళి పిలుపూ, చదివింపుల లెక్కా
(స్మారకోపన్యాస పాఠం)

1. విషయ పరిధి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పెళ్ళి పిలుపు అందుకున్న ఇల్లు మూడు బాధ్యతలను ఒకేసారి తలకెత్తుకుంటుంది. వాటిలో మొదటిది పిలుపుకు జవాబు చెప్పడం; రెండవది చదివింపు, అంటే పెళ్ళిపందిట్లో ఇంటిపేరూ ఊరిపేరూ పుస్తకంలో రాయించి నగదో వస్తువో ముట్టజెప్పడం; మూడవది ఇంటినుంచి మనిషి వెళ్ళి పెళ్ళి చూసి, అక్షింతలు వేసి, భోజనం చేసి రావడం. పెళ్ళి పక్క ఊళ్ళో అయితే ఈ మూడూ ఒక్క పూటలో తీరిపోతాయి కాబట్టి ఇవి వేర్వేరు బాధ్యతలని ఎవరికీ తోచదు. పెళ్ళి హైదరాబాదులోనో చెన్నైలోనో ఖరగ్‌పూర్‌లోనో జరిగి, రైలు ఛార్జీలకూ పోయే కూలికీ ఇంటి రాబడి చాలనప్పుడు మాత్రం మూడవది తీరని పనై నిలుస్తుంది. అప్పుడు చాలా ఇళ్ళు మూడవదానితో పాటు మొదటి రెంటినీ వదిలేసి ఊరుకుంటాయి. బంధువుల మధ్య మనసులు విరగడానికి కారణం ఎక్కువ సందర్భాల్లో ఈ ఊరుకోవడమే గాని రాకపోవడం కాదు. హాజరు కాలేని ఇల్లు మిగిలిన రెండు బాధ్యతలను మరింత పట్టింపుతో, వేళ తప్పకుండా, ఒకదాని తరువాత ఒకటిగా తీర్చుకుంటే చుట్టరికం చెడదన్నది ఈ ఉపన్యాసం నిరూపించదలచిన విషయం.

ఇక్కడ దూరపు చుట్టం ఎవరన్నది ముందుగా తేల్చుకోవాలి. పెద్దలు దూరాన్ని తరాలతో లెక్కిస్తారు. అయితే పెళ్ళి విషయంలో తరాల కంటె పాత్ర ముఖ్యమైన కొలబద్ద. పెళ్ళికూతురిని గౌరీపూజ దగ్గర నుంచి మండపానికి తీసుకువచ్చే మేనమామకు, పీటల మీద కూర్చునే తల్లిదండ్రుల తోబుట్టువులకు, హారతి పట్టే ఆడపడుచుకు ఆ పెళ్ళి తంతులో తమదైన చోటు ఉంటుంది. వారు రాకపోతే ఆ చోటు అందరి కళ్ళకూ ఖాళీగా కనిపిస్తుంది. అలాంటి పాత్ర ఏదీ లేని బంధువే ఈ చర్చకు సంబంధించిన దూరపు చుట్టం. పాత్ర ఉన్నవారికి ఈ ఉపన్యాసంలోని ఉపాయాలేవీ వర్తించవు. వారు అప్పు చేసైనా వెళ్తారు, లేదా పెళ్ళివారే ఛార్జీలు పెట్టి రప్పించుకుంటారు, అందులో ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఈ తేల్చుకోవడంలో ఒక చిక్కు ఉంది. మేనరికం, అంటే మేనమామ బిడ్డనో మేనత్త బిడ్డనో చేసుకునే పద్ధతి ఉన్న కుటుంబాల్లో ఇద్దరు మనుషుల మధ్య రెండు మూడు దారుల్లో వరసలు కలుస్తాయి. థామస్ ట్రౌట్‌మన్ 1981లో వెలువరించిన ద్రావిడ బంధుత్వ గ్రంథం ఈ అల్లిక నియమాలనే వివరించింది. అందువల్ల భర్త వైపునుంచి నాలుగు తరాల దూరంలో ఉన్న మనిషి భార్య వైపునుంచి పినతల్లి కొడుకు కావచ్చు. జవాబు చెప్పే ముందు దగ్గరి దారి ఏదో ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకుని, ఆ దారిన సంబంధం ఉన్న మనిషి చేతనే మాట చెప్పించాలి. భార్యకు దగ్గర బంధువైన ఇంటికి భర్త ఫోను చేసి రాలేమని చెబితే, ఆ ఇంటివారికి అది భార్యను అడ్డుకున్న మాటగా వినిపించే ప్రమాదం ఉంది.

2. ప్రయాణం ఎందుకు కుదరదు

ఉత్తరాంధ్ర కుటుంబాల చుట్టరికాలు చిరకాలంగా వలసతో ముడిపడి ఉన్నాయి. బ్రిటిషు పాలనలో ఈ తీరం నుంచి వేలమంది ఓడలెక్కి రంగం, అంటే నేటి యాంగోన్ నగరానికి కూలికి వెళ్ళారు; 1942లో జపాను దండయాత్రతో వారిలో చాలామంది తిరిగి రావలసివచ్చింది. రైల్వే పనులు కొందరిని ఖరగ్‌పూర్‌కు, ఉక్కు కర్మాగారం కొందరిని టాటానగర్‌కు తీసుకుపోగా, ఇటీవలి దశాబ్దాల్లో భవన నిర్మాణమూ కాపలా ఉద్యోగాలూ మరెందరినో హైదరాబాదు, విజయవాడ, చెన్నై నగరాలకు చేర్చాయి. శ్రీకాకుళం తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవులో మరబోట్ల మీద పని చేస్తారు. ఈ వలస వల్ల ఒకే పాలివారు, అంటే ఒకే ఇంటిపేరుతో మూలపురుషుణ్ణి పంచుకునే కుటుంబాలవారు, ఐదారు రాష్ట్రాల్లో చెదిరి ఉండడం మామూలైంది.

దీనికి పంచాంగం తన వంతు ఇరుకు కలుపుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్ళిళ్ళకు పనికిరావు. గురు శుక్రులు సూర్యుడికి దగ్గరై కనుమరుగయ్యే రోజులను మూఢమంటారు, ఆ రోజుల్లోనూ ముహూర్తాలు పెట్టరు. మిగిలిన కొద్ది వారాల్లోనే పెళ్ళిళ్ళన్నీ గుమిగూడతాయి కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాల్లోనో వైశాఖంలోనో ఒక ఇంటికి ఒకే వారంలో మూడు నాలుగు శుభలేఖలు రావడం వింతేమీ కాదు. పైగా కోస్తాలో రాత్రి ముహూర్తాలు ఎక్కువ కాబట్టి వెళ్ళినవారు రాత్రంతా అక్కడే ఉండి మరునాడు తిరుగు ప్రయాణం కట్టాలి. రానూపోనూ రెండు రాత్రులు రైల్లో గడుస్తాయనుకుంటే మూడు రోజుల పని పోతుంది.

రైలు సీటు సంగతి వేరే చెప్పాలి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను, అంటే ఆమదాలవలస నుంచి సికింద్రాబాదుకు విజయవాడ మీదుగా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. రైల్వేవారు ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులనుంచి 60 రోజులకు తగ్గించారు. పెళ్ళి శుభలేఖ సాధారణంగా ముహూర్తానికి మూడు నాలుగు వారాల ముందు చేతికందుతుంది. అప్పటికి ఆ తేదీకి స్లీపరు బెర్తులు ఖాళీగా దొరకడం కష్టం. ఇక మిగిలేవి ప్రయాణానికి ముందురోజు ఎక్కువ ధరకు అమ్మే తత్కాల్ టిక్కెట్లూ, జనరల్ పెట్టెలో నిలుచునే ప్రయాణమూ మాత్రమే. ముసలివారితో, పిల్లలతో ఉన్న కుటుంబానికి ఈ రెండూ ఆచరణలో లేనట్టే లెక్క.

3. పిలుపులోని అంతస్తులు

జవాబు ఎంత బరువుగా ఉండాలన్నది పిలుపు ఎంత బరువుగా వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటె బరువైనది ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవడం; ఇంటి ఇల్లాలికి కుంకుమ పెట్టి, పసుపు రాసిన శుభలేఖ చేతికిచ్చి, ఇంటిల్లిపాదీ రావాలని చెప్పే పిలుపు అది. దాని తరువాతది మనిషి చేత శుభలేఖ పంపి, పెద్దవారు స్వయంగా ఫోను చేయడం. ఆ తరువాత టపాలో వచ్చిన శుభలేఖ, చివరగా వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖ చిత్రం. ఊళ్ళ దూరం వల్ల ఇంటికి రాలేని పెళ్ళివారు శుభలేఖలోనే, దీనినే స్వయంగా వచ్చి పిలిచినట్టు భావించమని అచ్చువేయించడం పరిపాటి. అంటే పిలిచేవారు కూడా తమ రాలేనితనానికి మన్నింపు కోరుతున్నారన్నమాట. రాలేమని చెప్పవలసిన ఇంటికి ఇది ఆసరా: దూరం తమ తప్పు కాదని రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్నాయి.

అయితే పిలుపు ఏ అంతస్తుదైనా జవాబు దానికి ఒక మెట్టు పైన ఉండాలన్నది పాటించదగిన సూత్రం. వాట్సాప్‌లో శుభలేఖ వచ్చినవారు అందులోనే చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటే ఇద్దరి మధ్య ఉన్న కొద్దిపాటి వేడీ ఆరిపోతుంది. అదే సందేశానికి ఫోను చేసి రెండు నిమిషాలు మాట్లాడితే రానివారు వచ్చినవారితో సమానంగా గుర్తుంటారు. బొట్టు పెట్టి పిలిచిన ఇంటికి ఫోను కూడా చాలదు. ఆ పిలుపుకు వచ్చిన మనిషి ఇల్లు దగ్గరలో ఉంటే అక్కడికి వెళ్ళి చెప్పాలి.

బొట్టు పెడుతున్న క్షణంలో మాత్రం రాలేమని అనకూడదు. శుభకార్యానికి పిలుస్తున్నప్పుడు కాదన్న మాట వినబడడం అపశకునమని పెద్దల పట్టింపు. ఆ క్షణంలో తప్పకుండా వస్తామనడం ఆచారబద్ధమైన మంచిమాట. దాన్ని వాగ్దానంగా పిలిచేవారు కూడా లెక్కించరు. లెక్కించరు కాబట్టే దాన్ని సవరించే బాధ్యత చెప్పినవారి మీద ఉంటుంది. సవరణ జరగకపోతే పెళ్ళివారు విస్తరి వేసి ఎదురుచూస్తారు, లేదా ఆ మాటను తేలిగ్గా తీసుకుని ఇకముందు ఆ ఇంటి మాటకు విలువ తగ్గించుకుంటారు. బొట్టు అందుకుంటూ అబద్ధమాడడం ఇష్టం లేనివారు పెళ్ళి దివ్యంగా జరగాలని ఆశీర్వదించి, వెళ్ళే మాట ఎత్తకుండా పిల్లవాడి ఊరూ ఉద్యోగమూ అడగవచ్చు; ఆ సంభాషణ నడిచాక వస్తారా రారా అని నిలదీసేవారు ఉండరు.

4. ఎప్పుడు, ఎవరు, ఎవరికి, ఏమని చెప్పాలి

మన పెళ్ళిళ్ళలో వచ్చేవారి సంఖ్యను ముందుగా రాసి పంపమని అడిగే అలవాటు లేదు. పెళ్ళి పెద్ద తన అనుభవంతో విస్తళ్ళు అంచనా వేసి వంటవారికి చెబుతాడు. ఈ అంచనా ముహూర్తానికి వారం ముందు ఒక రూపానికి వస్తుంది కాబట్టి, ఆ లోపుగా చెప్పిన రాలేకపోవడం పెళ్ళివారికి పనికివచ్చే సమాచారం అవుతుంది. ఆ తరువాత చెప్పింది సంజాయిషీ మాత్రమే. మరీ ముందు, శుభలేఖ అందిన మరునాడే చెబితే, వెళ్ళే ప్రయత్నమే చేయలేదని తేలిపోతుంది. శుభలేఖ అందిన వారం తరువాత, ముహూర్తానికి పదిరోజుల ముందు అన్నది మధ్యేమార్గం.

చెప్పవలసిన మనిషి ఇంటి పెద్ద; వినవలసిన మనిషి పెళ్ళి చేసే ఇంటి పెద్ద. పిలుపు ఆడవారి మధ్య జరిగితే జవాబూ వారి మధ్యనే జరగాలి. ఇంట్లో చదువుకున్న కుర్రవాడున్నాడని వాడి చేత సందేశం పెట్టించడం సౌకర్యంగా ఉంటుంది గాని, పెద్దవారి మాట పెద్దవారికి అందకపోవడం అవతలి వారికి చిన్నచూపుగా తోస్తుంది. బంధువులందరూ ఉన్న వాట్సాప్ బృందంలో రాలేమని రాయడం అంతకంటె పెద్ద పొరపాటు. ఒకరు రాసిన మాట చూసి తటపటాయిస్తున్న మరో ఇద్దరు ధైర్యం తెచ్చుకుని అదే మాట రాస్తారు. పెళ్ళికూతురి తండ్రికి ఒక్క సాయంత్రంలో తన పందిరి పలచబడిన దృశ్యం కళ్ళకు కడుతుంది. బృందంలో శుభాకాంక్షలు మాత్రమే ఉండాలి, రాలేకపోవడం ఫోనులో ఒకరి చెవిన మాత్రమే పడాలి.

కారణం విషయంలో పాటించవలసిన నియమం ఇది: చెప్పిన కారణం నిజమై ఉండాలి, ఒక్కటే ఉండాలి, పిలిచినవారు తీర్చగలిగింది కాకూడదు. డబ్బు లేదన్నది నిజమే కావచ్చు గాని అది పిలిచినవారు తీర్చగలిగిన కారణం. విన్న మరుక్షణం ఛార్జీలు మేమిస్తామని వారు అనక తప్పదు, కాదనడం వీరికి తప్పదు, ఆ రెండు మాటలతో ఇద్దరూ చిన్నబోతారు. సెలవు దొరకలేదంటే ఒక్కరోజైనా రమ్మంటారు. రిజర్వేషను దొరకలేదంటే తమకు తెలిసినవారి ద్వారా ప్రయత్నిస్తామంటారు. పిల్లల పరీక్ష, పొలంలో కోత, కదలలేని ముసలివారి బాగోగులు, పడవ మీద చేసుకున్న ఒప్పందం వంటివి పెళ్ళివారు కదిలించలేని కారణాలు. ఖర్చు అసలు కారణమైన ఇంట్లో కూడా వీటిలో ఏదో ఒకటి నిజంగా ఉండకపోదు, దాన్నే చెప్పాలి. రెండు మూడు కారణాలు కలిపి చెబితే ఒక్కటీ నిజం కాదేమోనన్న అనుమానం పుడుతుంది.

కల్పించిన అనారోగ్యం, కల్పించిన మైల ఎంతమాత్రం పనికిరావు. మైల అంటే దాయాదుల్లో చావు జరిగినప్పుడు శుభకార్యాలకు దూరంగా ఉండే రోజులు. అది నిజంగా ఉంటే వేరే కారణమే అక్కరలేదు, ఎవరూ తప్పుపట్టరు. లేనిదాన్ని ఉందన్నప్పుడు పాలివారి మధ్య నిజం రెండు రోజుల్లో బయటపడుతుంది. పైగా పెళ్ళి ఇంటి చెవిన చావుమాట వేసిన దోషం తోడవుతుంది. జబ్బు అని చెబితే పెళ్ళి హడావుడి తీరగానే వారు పండ్లు పట్టుకుని చూడవస్తారు.

5. చదివింపు: రానివారి పేరు పుస్తకంలో ఉండడం

చదివింపుల పుస్తకం పెళ్ళి ఇంట్లో చాలా ఏళ్ళు భద్రంగా ఉంటుంది. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ఆ పుస్తకం తీసి, వారు ఎంత చదివించారో చూసుకుని, దానికి కొంత కలిపి తిరిగి చదివిస్తారు. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు మార్సెల్ మోస్ 1925లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో, కానుక అనేది స్వేచ్ఛగా ఇచ్చినట్టు కనిపించినా ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు విధులతో బిగిసి ఉంటుందని చెప్పాడు. జెకియే ఎగ్లార్ పాకిస్తానీ పంజాబు గ్రామం గురించి 1960లో వెలువరించిన పుస్తకంలో అక్కడి వర్తన్ భంజీ అనే కానుకల పద్ధతిని వర్ణించింది. అందులో తిరిగి ఇచ్చేది తీసుకున్నదానితో సరిసమానంగా ఉంటే లెక్క మూసివేసినట్టు, అంటే సంబంధం తెంచుకున్నట్టు అర్థమవుతుంది. మన పుస్తకంలో కొంత కలిపి ఇవ్వడం వెనక ఉన్న ఇంగితమూ అదే.

పెళ్ళికి రాలేనివారికి ఈ పుస్తకమే రక్ష. పదేళ్ళ తరువాత ఆ పేజీ తిప్పినవారికి పేరూ ఊరూ అంకే కనిపిస్తాయి గాని, ఆ రోజు ఆ మనిషి పందిట్లో కూర్చున్నాడా లేదా అన్నది అందులో ఉండదు. కాబట్టి రాలేనివారి చదివింపు తప్పకుండా పుస్తకంలోకి ఎక్కాలి. తంతి, మనియార్డరు ఉన్న రోజుల్లో దీనికి స్థిరమైన పద్ధతి ఉండేది. శుభాకాంక్షల తంతికి తపాలా శాఖవారు అంకెలు వేసిన వాక్యాల పట్టికను ఇచ్చేవారు, పంపేవారు అంకె చెబితే ఆ వాక్యం పెళ్ళి ఇంటికి చేరేది. మనియార్డరు ఫారం అడుగున నాలుగు మాటలు రాసుకునే చోటు ఉండేది. తంతి సేవ 2013 జులైలో ముగిసింది. ఆ స్థానంలోకి వచ్చిన ఫోను చెల్లింపులతో ఒక కొత్త లోపం వచ్చింది. డబ్బు పెళ్ళికూతురి తండ్రి ఖాతాలోనో అన్న ఖాతాలోనో పడుతుంది, పుస్తకం మాత్రం పందిట్లో వేరొకరి చేతిలో ఉంటుంది. పంపినవారి పేరు కూడా ఫోను ఎవరిదైతే వారి పేరుతో, అంటే ఒక్కోసారి కొడుకు పేరుతోనో కోడలి పేరుతోనో కనిపిస్తుంది. ఇలా చేరిన డబ్బు ఎవరి చదివింపో తేలక పుస్తకానికి ఎక్కదు, ఇచ్చినవారు ఇవ్వనివారవుతారు.

అందువల్ల పెళ్ళికి వెళ్తున్న దగ్గరి మనిషి చేత కవరు పంపడమే ఇప్పటికీ మేలైన దారి. కవరు మీద ఇంటిపేరు, ఇంటి పెద్ద పేరు, ఊరు, వరస స్పష్టంగా రాయాలి. నోట్లు లోపల పెట్టి ఊరికే ఇస్తే, తెచ్చినవారి పేరుతోనే రెండూ కలిపి రాసేస్తారు. కవరు తెచ్చిన మనిషి పుస్తకం దగ్గర నిలబడి పేరు విడిగా రాయించాలి. ఫోను ద్వారానే పంపవలసి వస్తే ముహూర్తం రోజున పంపి, ఎవరి పేరున రాయాలో ఒక్క వాక్యం జత చేయాలి. రాలేమన్న ఫోనుతో పాటే డబ్బు పంపడం తగదు. అలా చేస్తే ఆ డబ్బు రాకపోవడానికి కట్టిన వెలలా కనిపిస్తుంది.

మొత్తం ఎంత ఉండాలన్నదానికి పాత లెక్కే ఆధారం. రాలేకపోతున్నామన్న బెంగతో స్థాయికి మించి పంపేవారు తాము మేలు చేశామనుకుంటారు గాని, అవతలి ఇల్లు రేపు అంతకు కొంత కలిపి తిరిగి ఇవ్వవలసి వస్తుంది. ఆ ఇల్లు కూడా కొద్దిపాటి రాబడిదే అయితే వారికి ఇది అప్పు కింద లెక్క. నూట పదహార్లు ఇచ్చుకున్న చుట్టరికంలో ఐదు వేలు వచ్చి పడితే ఆదరం కంటె ఇబ్బందే ఎక్కువ.

6. ఒక ఉదాహరణ

ఈ సూత్రాలు కలిసి ఎలా పనిచేస్తాయో చూడడానికి ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకోవచ్చు. ఆమదాలవలసలో ఒక బియ్యం మిల్లు గుమాస్తా, ఇంట్లో బట్టలు కుట్టే అతని భార్య, ఇంటరు చదివే కొడుకు, తొమ్మిదో తరగతి కూతురు ఉన్నారు. నెల రాబడి పద్దెనిమిది వేలు. గుమాస్తా తండ్రికి పెదనాన్న కొడుకైన ఒకాయన ముప్ఫై ఏళ్ళ కిందట హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఆయన కూతురి పెళ్ళి ఫాల్గుణంలో, రాత్రి ముహూర్తం. వరసకు ఆయన గుమాస్తాకు చిన్నాన్న, పెళ్ళికూతురు చెల్లెలు. పెళ్ళికూతురికి సొంత అన్న ఉన్నాడు కాబట్టి తంతులో గుమాస్తాకు ప్రత్యేకమైన చోటు లేదు. శుభలేఖ ముహూర్తానికి పాతిక రోజుల ముందు టపాలో వచ్చింది, చిన్నాన్న ఫోను కూడా చేశాడు.

నలుగురికి రానూపోనూ స్లీపరు టిక్కెట్లు మనిషికి ఒక వైపు 450 రూపాయల చొప్పున 3,600, ఆటోలూ దారి తిండీ 1,500, పెళ్ళికి తగిన బట్టలు 4,000, చదివింపు 1,116, ఇద్దరికీ మూడు రోజుల రాబడి నష్టం 2,500 అనుకుంటే మొత్తం 12,716 రూపాయలవుతుంది. ఇది నెల రాబడిలో మూడింట రెండు వంతులు దాటుతుంది. ఇంటికొకరు అన్న పద్ధతిలో గుమాస్తా ఒక్కడే వెళ్తే 900, 600, 1,116, పోయే జీతం 1,500 కలిపి 4,116 అవుతుంది. దూరపు పెళ్ళికి ఇల్లు మొత్తం కదలకపోయినా ఒక మనిషిని పంపితే హాజరు చెల్లిపోతుందని ఈ ప్రాంతమంతటా ఒప్పుకుంటారు కాబట్టి, కాదనే ముందు ఈ రెండో లెక్క తప్పక వేసి చూడాలి. కొడుకు చదువు ఖర్చులూ మిల్లు పని ఒత్తిడీ కలిసి ఈ నాలుగు వేలు కూడా ఆ నెలలో భరించలేనివని తేలిన తరువాతే రాలేమన్న నిర్ణయం నిలబడుతుంది.

అతను పాత పుస్తకం తీసి చూస్తే, ఎనిమిదేళ్ళ కిందట తన చెల్లెలి పెళ్ళికి చిన్నాన్నవారు 516 చదివించారని ఉంది. 1,116 తగిన మొత్తమని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు. శ్రీకాకుళంలో ఉన్న అతని బావ ఆ పెళ్ళికి వెళ్తున్నాడని తెలుసుకుని, కవరు అతనితో పంపే ఏర్పాటు ముందే చేసుకున్నాడు. ముహూర్తానికి పన్నెండు రోజుల ముందు, సాయంత్రం తీరిక వేళ చూసి చిన్నాన్నకు ఫోను చేశాడు. ఆ మాటలు ఇలా ఉండవచ్చు: "చిన్నాన్నా, శుభలేఖ అందింది. చెల్లికి మంచి సంబంధం కుదిరిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. మా గుంటడి ఇంటరు పరీక్షలు సరిగ్గా ఆ వారంలోనే పడ్డాయి, అంత దూరం కదలలేకపోతన్నాం. ఏటీ అనుకోకండి. అల్లుడుగారితో మన ఊరొచ్చినప్పుడు మా ఇంట ఒక పూట భోంచెయ్యాల."

ఈ ఐదు మాటల్లో ముందు సంతోషం, తరువాత కారణం, చివర రాబోయే భేటీ ఉన్నాయి. క్షమాపణ ఒక్కసారే వచ్చింది. దాన్ని నాలుగుసార్లు పలికితే అవతలివారు ఓదార్చే పనిలో పడతారు. చిన్నాన్న తప్పకుండా అనే తరువాతి మాట, పోనీ నువ్వొక్కడివైనా రా అన్నది. ఇక్కడే చాలామంది తడబడి రెండో కారణం వెతుకుతారు. గుమాస్తా మరో కారణం చెప్పకుండా, బావ వస్తున్నాడనీ, ఇంటి తరఫున అతను ముందుండి పనులు చూస్తాడనీ అన్నాడు. ఆ జవాబుతో మనిషిని పంపిన మర్యాద కొంత దక్కింది, సంభాషణ పెళ్ళి ఏర్పాట్ల మీదికి మళ్ళింది. పెళ్ళినాటి ఉదయం గుమాస్తా భార్య తనకు అత్త వరసైన పెళ్ళికూతురి తల్లికి ఒక్క నిమిషం ఫోను చేసి శుభం పలికింది. ఆ రోజు అంతకంటె ఎక్కువ మాట్లాడడం పెళ్ళివారికి అడ్డు.

7. మనిషి దూరాన చిక్కుకుపోయినప్పుడు

పై ఉదాహరణలో పెళ్ళి దూరాన ఉంది, మనిషి ఊళ్ళో ఉన్నాడు. వేరావల్ వెళ్ళిన మత్స్యకారుడి పరిస్థితి దీనికి తలకిందులు. గుజరాత్ తీరంలో చేపల వేట నిషేధకాలం వానాకాలంలో, జూన్ జులై నెలలను ఆనుకుని వస్తుంది. ఆగస్టులో మొదలైన వేట తరువాతి వేసవి దాకా సాగుతుంది. బయాన పుచ్చుకుని పడవ ఎక్కిన కలాసీ మాఘ ఫాల్గుణాల్లో ఊళ్ళో జరిగే దూరపు చుట్టాల పెళ్ళికి దిగి రాలేడు, వస్తే మిగిలిన నెలల ఆదాయం వదులుకోవాలి. ఇలాంటి ఇళ్ళలో మగవారి రాక ఎవరూ ఆశించరు. ఇంట్లో ఉన్న ఆడవారు వెళ్ళి, ఇంటి పెద్ద పేరుతోనే చదివింపు రాయిస్తారు. పడవ ఒడ్డుకు వచ్చినప్పుడు అతను వాట్సాప్‌లో పంపే నాలుగు మాటల వాయిస్, రాత కంటె ఎక్కువ విలువైనది, ఎందుకంటే పెళ్ళి ఇంట్లో పదిమంది కూర్చుని దాన్ని వింటారు, అతని గొంతు అక్కడ వినబడుతుంది.

8. తరువాతి చూపు, చెడిన గుర్తులు

రాలేమన్న మాటలో ఇచ్చిన భేటీ హామీ నెరవేరినప్పుడే ఈ వ్యవహారం ముగుస్తుంది. ఉత్తరాంధ్రలో దీనికి అనువైన వేళలు స్థిరంగా ఉన్నాయి. నగరాల్లో ఉన్నవారు సంక్రాంతికి ఊరు వస్తారు, కొత్త అల్లుడు ఆ పండుగకు అత్తవారింటికి తప్పక వస్తాడు. విజయనగరం చుట్టుపక్కలవారు దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కూడుతారు. హైదరాబాదుకు వెళ్ళలేని ఇల్లు, హైదరాబాదువారే దగ్గరికి వచ్చే ఆ రోజుల్లో కొత్త దంపతులను భోజనానికి పిలిచి, పెళ్ళికూతురికి జాకెట్టు ముక్కా పండూ, వీలైతే చీరా పెట్టి పంపితే, దూరం వల్ల తీరని బాధ్యత ఇంటి గుమ్మంలోనే తీరుతుంది. దీనికి అయ్యే ఖర్చు రైలు ఛార్జీల్లో చిన్న భాగం. ఈ పిలుపును పెళ్ళివారు ఊరొచ్చిన రోజే చేయాలి. వారు తిరుగు ప్రయాణపు హడావుడిలో ఉండగా పిలిస్తే మొక్కుబడిగా తోస్తుంది.

ఇంత చేసినా మనసు నొచ్చుకున్నదో లేదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మిగులుతుంది. తెలుగువారి చుట్టరికంలో కోపం మాటల్లో కంటె పిలుపుల్లో ముందుగా కనిపిస్తుంది. పెళ్ళి తరువాత వచ్చే శ్రీమంతానికో గృహప్రవేశానికో ఇదివరకు ఫోను చేసి పిలిచినవారు ఊరికే సందేశం పెడితే అది మొదటి గుర్తు. రాలేమన్నవారి ఇంటి శుభకార్యానికి వారు వచ్చి, పుస్తకంలో ఉన్న అంకెనే ఒక్క రూపాయి కలపకుండా చదివించి వెళ్తే అది రెండవది, మరింత స్పష్టమైనది. మొదటి గుర్తు దగ్గరే మేల్కొని, వారు ఊరొచ్చినప్పుడు ఇంటికి వెళ్ళి కలిస్తే చెడినది చక్కబడుతుంది. రెండవ గుర్తు దాకా వస్తే ఆ చుట్టరికాన్ని ఇంటి పెద్దల మధ్యవర్తిత్వమే నిలబెట్టాలి.

ఒకే ఇల్లు ఒకే చుట్టానికి వరుసగా రెండు శుభకార్యాలకు రాలేమని చెప్పడానికి ఈ పద్ధతిలో చోటు లేదు. ఒకసారి చెప్పిన కారణం రెండోసారి నిజమే అయినా అలవాటుగా వినిపిస్తుంది. కాబట్టి రాలేమని చెప్పిన రోజునే, ఆ ఇంట్లో వచ్చే తరువాతి శుభకార్యానికి కనీసం ఒక మనిషి ఛార్జీలు పక్కన వేసుకోవడం మొదలుపెట్టాలి. పై ఉదాహరణలోని గుమాస్తాకు అది, బట్టలూ చదివింపూ మినహాయిస్తే, రానూపోనూ టిక్కెట్టూ దారి ఖర్చూ కలిపి 1,500 రూపాయలు. నెలకు వంద చొప్పున పక్కన పెట్టినా ఏడాదింబావుకు చేతికి వస్తుంది. దూరపు చుట్టరికాన్ని నిలుపుకోవడానికి ఆ ఇంటికి అయ్యే అసలు ఖర్చు అంతే.